టార్గెట్ ఎంత? చేసిందెంత?

సేల్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లినవాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే పడే ప్రశ్న ఒకటుంది. "ఇప్పుడు చేస్తున్న చోట మీ టార్గెట్ ఎంత? చేసిందెంత?" చాలామంది దీనికి ముందే ఒక అంకె సిద్ధం చేసుకుని వెళ్తారు. "నూట పది శాతం సార్" అని గట్టిగా చెప్పి ఊపిరి పీల్చుకుంటారు. అసలు ఇంటర్వ్యూ మొదలయ్యేది అక్కడే. నూట పది అన్న మాట విని ఎదుటి మేనేజర్ సంతోషించడు. ఆ నూట పది ఎక్కడినుంచి వచ్చిందో తవ్వడం మొదలుపెడతాడు.

ఇన్సూరెన్సు, మందులు, ఇళ్ల స్థలాలు, సాఫ్ట్‌వేర్ ఇలా అమ్మకాల ఉద్యోగాలు అనేకం. ఒక్కో రంగంలో ఇంటర్వ్యూ తీరు వేరు. ఇక్కడ ఒక్క రంగాన్నే తీసుకుందాం. సబ్బులు, షాంపూలు, బిస్కెట్లు, టీపొడి లాంటి రోజువారీ సరుకులు అమ్మే కంపెనీల్లో సేల్స్ ఆఫీసర్ ఉద్యోగం అది. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ చిన్న పట్టణాల నుంచి వచ్చిన డిగ్రీ కుర్రాళ్లు ఎక్కువగా అడుగుపెట్టే తలుపుల్లో ఇదొకటి.

ముందు ఆ ఉద్యోగం స్వరూపం చూద్దాం. కంపెనీ తన సరుకును డిస్ట్రిబ్యూటర్‌కు అమ్ముతుంది. దీన్ని ప్రైమరీ అంటారు. డిస్ట్రిబ్యూటర్ అదే సరుకును తన సేల్స్‌మన్ ద్వారా కిరాణా కొట్లకు అమ్ముతాడు. ఇది సెకండరీ. సేల్స్‌మన్ ఒక్కో రోజు తిరగాల్సిన కొట్ల వరుసను బీట్ అంటారు; మన వైపు "లైన్‌కి వెళ్లాడు" అనడమూ ఉంది. ఈ సేల్స్‌మన్లను నడిపించడం, డిస్ట్రిబ్యూటర్ పెట్టుబడి చూడటం, స్కీములు కొట్లకు చేరేలా చేయడం, నెలాఖరుకు అంకె తేవడం సేల్స్ ఆఫీసర్ పని. అతని పైన ఏరియా మేనేజర్. ఇంటర్వ్యూ చేసేది సాధారణంగా ఆయనే. ఆయన కూడా ఒకప్పుడు బిల్లు బుక్కు పట్టుకుని ఎండలో తిరిగిన మనిషే కాబట్టి మాటలతో మాయచేయడం కష్టం.

ఇప్పుడు ఒక అభ్యర్థిని ఊహించుకుందాం. తెనాలిలో డిస్ట్రిబ్యూటర్ దగ్గర మూడేళ్లుగా సేల్స్‌మన్. గుంటూరులో ఒక కంపెనీ సేల్స్ ఆఫీసర్ పోస్టుకు పిలిచింది. అతని బయోడేటాలో ఒక లైను ఉంది: "ఆరు నెలల్లో 20 శాతం గ్రోత్." చూడ్డానికి బాగానే ఉంది. ఆ లైను ఇంటర్వ్యూలో ఏమవుతుందో చూద్దాం.

మేనేజర్ మొదట అడిగేది: "ఇరవై శాతం అంటే దేనిమీద?" నిరుడు ఇవే ఆరు నెలల్లో 40 లక్షలు, ఈ ఏడు 48 లక్షలు అని కుర్రాడు చెబుతాడు. లెక్క సరిపోయింది. రెండో ప్రశ్న: "మరి టార్గెట్?" 50 లక్షలు. అంటే 96 శాతం. ఇక్కడ చాలామంది నీళ్లు నములుతారు. గ్రోత్ గురించి గొప్పగా చెప్పి, టార్గెట్ తప్పిన సంగతి దాచాలని చూస్తారు. దాచనక్కర్లేదు. టార్గెట్ 50, చేసింది 48, నిరుటి మీద 8 లక్షలు ఎక్కువ అని మూడు అంకెలూ కలిపి చెప్పే మనిషి దగ్గర తవ్వడానికి పెద్దగా ఏమీ మిగలదు. విడివిడిగా ఏ ఒక్కటి చెప్పినా మిగిలిన రెండింటి కోసం మేనేజర్ తవ్వుతూనే ఉంటాడు.

మూడో ప్రశ్న అన్నింటికంటే లోతైనది. "ఆ ఎనిమిది లక్షలు ఎక్కడివి?"

ఇంటికి వెళ్లి పాత బిల్లులూ నెలవారీ రిపోర్టులూ ముందేసుకుని కూర్చోకపోతే దీనికి జవాబు దొరకదు. మన కుర్రాడు కూర్చున్నాడనుకుందాం. మొదట ధరలు. కంపెనీ మధ్యలో రేట్లు పెంచింది. సగటున నాలుగు శాతం. నిరుటి 40 లక్షల మీద నాలుగు శాతం అంటే లక్షా 60 వేలు. ఇది అతని గొప్పతనం కాదు, అదే సరుకు అదే కొట్లకు అమ్మినా వచ్చేది. తర్వాత కొత్త కొట్లు. ఊరి చివర కొత్త కాలనీల్లో సుమారు 40 కొట్లు కొత్తగా తెరిచాడు. ఒక్కోటి నెలకు 1,500 రూపాయల సరుకు కొంటోంది. నలభై కొట్లు, ఆరు నెలలు, వెరసి 3 లక్షల 60 వేలు. మిగిలింది 2 లక్షల 80 వేలు. ఇది పాత కొట్లలోనే పెరిగింది. ఇదివరకు సబ్బు మాత్రమే కొనే కొట్లకు షాంపూ ప్యాకెట్లు, గిన్నెల సబ్బు కూడా అలవాటు చేశాడు.

ఈ ముక్కలన్నీ పరిచాక మేనేజర్ మనసులో 20 శాతం అన్న అంకె చెరిగిపోతుంది. దాని స్థానంలో ఒక మనిషి కనిపిస్తాడు: కొత్త కాలనీలో తిరిగి కొట్లు తెరిచినవాడు, పాత కొట్టులో రెండో సరుకు పెట్టించినవాడు. పైగా లక్షా 60 వేలు తన ఖాతాలో వేసుకోనన్నాడు. తనది కానిది తనది కాదని చెప్పడం వల్ల మిగిలిన ఆరు లక్షల పైచిలుకు మీద నమ్మకం కలుగుతుంది. అభ్యర్థులు దీనికే భయపడతారు, కానీ ఇంటర్వ్యూ చేసేవాళ్లు మెత్తబడేది సరిగ్గా ఇక్కడే.

అంకెలను పరీక్షించడానికి మేనేజర్ల దగ్గర ఇంకో పాత ఉపాయం ఉంది. నెల అంకె పక్కనపెట్టి రోజు గురించి అడుగుతారు. "రోజుకు ఎన్ని కొట్లు తిరుగుతావు?" నలభై. "ఎన్ని బిల్లులవుతాయి?" పాతిక. "సగటు బిల్లు?" ఒక 1,280 రూపాయలు. ఇవి మాటల మధ్యలో, టీ తాగుతూ, మామూలుగా అడిగినట్టే ఉంటుంది. ఆయన మనసులో గుణకారం నడుస్తూ ఉంటుంది. పాతిక బిల్లులు, 1,280 చొప్పున రోజుకు 32 వేలు. నెలకు పాతిక పనిదినాలు. 8 లక్షలు. ఆరు నెలలకు 48 లక్షలు. ముందు చెప్పిన అంకెతో అతికింది.

అతకని సందర్భాలే ఎక్కువ. నలభై కొట్లకు ముప్పై రెండు బిల్లులు, సగటున రెండు వేలు అని ఎవరైనా ఉత్సాహంగా చెబితే రోజుకు 64 వేలు, నెలకు 16 లక్షలు అవుతుంది. నెల అమ్మకం 8 లక్షలని అంతకు ముందే చెప్పి ఉంటే ఆ ఉద్యోగం అక్కడితో పోయినట్టే. అబద్ధం చెప్పాడని మేనేజర్ అనకపోవచ్చు. "మంచిది, మళ్లీ కబురు చేస్తాం" అంటాడు. అందుకని ఇంటర్వ్యూకు ముందు రాత్రి అభ్యర్థి చేయాల్సిన మొదటి పని తన అంకెలను తానే గుణించి చూసుకోవడం. రోజు, వారం, నెల, ఆరు నెలలు ఒకదాంట్లోంచి ఒకటి రావాలి. ఎక్కడైనా తేడా వస్తే దానికి కారణం వెతకాలి. పండగ నెలలో హోల్‌సేల్ వ్యాపారి ఒకేసారి పెద్ద బిల్లు కొట్టించి ఉండొచ్చు, వానల్లో నాలుగు రోజులు లైన్ తిరగకపోయి ఉండొచ్చు. కారణం తెలిస్తే తేడా ఉన్నా ఇబ్బంది లేదు.

పోల్చే నెల కూడా చూసుకోవాలి. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. ఆ ఏప్రిల్‌తో పోల్చి మరుసటి ఏప్రిల్‌లో రెండింతల గ్రోత్ చూపించినవాళ్లు ఎంతోమంది. అది విని మెచ్చుకున్న మేనేజర్ ఎవరూ ఉండరు. ఈమధ్య సంగతే చూడండి. 2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ స్నానపు సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, తలనూనెల మీద పన్ను 18 శాతం నుంచి 5కు తగ్గించాలని నిర్ణయించింది. అమల్లోకి వచ్చింది 22న. ఆ మధ్య రోజుల్లో పాత రేటు సరుకు కొత్తగా ఎత్తుకోవడానికి వ్యాపారులు వెనకాడారు. ఆ నెల అంకె పడిపోయిన సేల్స్‌మన్ తప్పేమీ చేయలేదు. తర్వాతి నెల కొట్లు మళ్లీ సరుకు నింపుకున్నప్పుడు పెరిగిన అంకె కూడా పూర్తిగా అతని ప్రతాపం కాదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పగలిగినవాడికి మార్కెట్ తెలుసని అర్థం.

ఇక ప్రైమరీ, సెకండరీల గొడవ. ఇప్పటికే సేల్స్ ఆఫీసర్‌గా ఉండి వేరే కంపెనీకి మారాలనుకునేవాళ్లకు ఇది ముఖ్యం. నూట పది శాతం చేశానన్న మనిషిని మేనేజర్ అడుగుతాడు: "ప్రైమరీనా, సెకండరీనా?" ప్రైమరీ 110, సెకండరీ 85 అయితే ఆ సరుకు డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లో పేరుకుపోయిందన్నమాట. నెలాఖరున డిస్ట్రిబ్యూటర్‌ను బతిమాలో బెదిరించో సరుకు తోసి అంకె తేవడం ఈ రంగంలో అందరికీ తెలిసిన రోగం. మరుసటి నెల అదే డిస్ట్రిబ్యూటర్ ఆర్డర్ పెట్టడు. అందుకే "క్లోజింగ్ నాటికి డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఎన్ని రోజుల స్టాక్ ఉంది?" అన్న ప్రశ్న వస్తుంది. ప్రైమరీ అంకె, సెకండరీ అంకె, స్టాక్ రోజులు, ఈ మూడూ నాలుక చివర ఉండాలి.

ఇదే విషయం మీద ఇంకో ఉచ్చు ప్రశ్న కూడా వేస్తారు. "ఈ రోజు నెలలో ఇరవై నాలుగో తేదీ. మీరు డెబ్బై శాతం దగ్గర ఉన్నారు. ఏం చేస్తారు?" "ఎలాగైనా చేసేస్తాను సార్" అన్న జవాబు వీరత్వంలా వినిపిస్తుంది గానీ మేనేజర్‌కు అందులో వినిపించేది గోడౌన్‌లోకి సరుకు తోసే చప్పుడే. మంచి జవాబు నేల మీద నడుస్తుంది. మిగిలిన రోజుల్లో తిరగాల్సిన బీట్లు ఏవి, వాటిలో ఈ నెల ఇంకా బిల్లు కాని కొట్లు ఎన్ని, ఏ సరుకు వెనకబడింది, స్టాక్ ఉందా, స్కీము అందరికీ చెప్పారా అని ముందు చూస్తానని చెప్పాలి. అలా చూశాక తొంభై దాకా వస్తుందనిపిస్తే తొంభై అనే చెప్పాలి, ఆ మాట పైవాడికి ఇరవై నాలుగునే చెబుతానని కూడా అనాలి. ముప్పయ్యో తేదీ రాత్రి ఫోన్ ఎత్తకుండా మాయమయ్యే మనుషులతో విసిగిపోయిన మేనేజర్లకు ఆ చివరి వాక్యం చెవుల్లో తేనె పోసినట్టుంటుంది.

కొత్త టార్గెట్ గురించి వచ్చే ప్రశ్న వేరు. "మేం నెలకు పది లక్షలిస్తాం, చేయగలవా?" వెంటనే అవుననడం తొందరపాటు, కష్టమనడం భయం. ముందు అడగాలి. అక్కడ ఇప్పుడు ఎంత అవుతోంది, ఎన్ని కొట్లున్నాయి, అందులో కంపెనీ సరుకు కొనేవి ఎన్ని, సేల్స్‌మన్లు ఎంతమంది? ఇప్పుడు 8 అవుతోందని మేనేజర్ చెప్పాడనుకుందాం. పెరగాల్సింది 2 లక్షలు. పాతిక రోజులకు పంచితే రోజుకు 8 వేలు. 32 వేల రోజు 40 వేల రోజు కావాలి. రోజుకు పాతిక బిల్లుల బదులు ముప్పై చేసి, సగటు బిల్లును ఓ యాభై, అరవై రూపాయలు పెంచితే అక్కడికి చేరుతుంది. అభ్యర్థి ఒక కాగితం అడిగి మేనేజర్ ఎదుటే ఈ లెక్క వేస్తే పది లక్షలన్న కొండ ఐదు బిల్లుల పనిగా మారుతుంది. "ఐదు బిల్లులు ఎక్కడ దొరుకుతాయి?" అని ఆయన అడుగుతాడు. ఇప్పుడు ఇద్దరూ ఇంటర్వ్యూ మరిచి పని గురించి మాట్లాడుకుంటున్నారు. అభ్యర్థికి కావాల్సింది అదే.

పక్కమాట ఒకటి. ఈ టార్గెట్ల గొడవ నిన్నా మొన్నటిది కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డేటన్ పట్టణంలో క్యాష్ రిజిస్టర్లు అమ్మిన జాన్ ప్యాటర్సన్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే తన మనుషులకు ఒక్కో ప్రాంతం కేటాయించి, ఒక్కో అంకె పెట్టి, ఏం మాట్లాడాలో చిన్న పుస్తకంగా అచ్చువేసి బట్టీ పట్టించాడు. రోల్ ప్లేకు వచ్చేసరికి ఆ బట్టీ అలవాటే ఇప్పటికీ అభ్యర్థుల కొంప ముంచుతోంది.

రోల్ ప్లే అంటే తెలిసిందే. మేనేజర్ కొట్టు యజమాని అవుతాడు, అభ్యర్థి సరుకు అమ్మాలి. "ఈ పెన్ను నాకు అమ్ము" అన్న ప్రశ్నను 2013లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ది వుల్ఫ్ ఆఫ్ వాల్ స్ట్రీట్' మరింత ప్రసిద్ధం చేసింది. ఆ పిచ్చి ఇంకా పోలేదు. పెన్ను చేతికివ్వగానే ఇంకు గురించీ, పట్టు గురించీ గుక్కతిప్పుకోకుండా చెప్పేవాళ్లే ఎక్కువ. కొనేవాడు రోజుకు ఎంత రాస్తాడు, ఇప్పుడు ఏ పెన్ను వాడుతున్నాడు, దానితో ఇబ్బందేమిటి అని అడిగేవాళ్లు తక్కువ. ఆ తక్కువ మందిలో ఉంటే చాలు, పెన్ను సంగతి అక్కడితో సరి.

కిరాణా రోల్ ప్లే ఇంకా కష్టం. ఎందుకంటే ఎదుటివాడికి పాత్ర క్షుణ్ణంగా వచ్చు. ఒక సన్నివేశం చూద్దాం. మేనేజర్ కొట్టు యజమాని. ముందు ఊహా కౌంటరు. పక్కన ఇద్దరు ఊహా కస్టమర్లు.

"నమస్తే అన్నా."

"ఆ, ఏంటి? ఇవాళేం వద్దు. పోయినసారి సరుకే కదల్లేదు. పైగా పగిలిన షాంపూ సీసాలు రెండు నెలల్నించి మూలన పడున్నాయి. మీవాళ్లెవరూ తీసుకెళ్లరు."

ఈ మాట దగ్గర అభ్యర్థులు రెండుగా చీలిపోతారు. ఒక రకం వాళ్లు ఆ సీసాల మాట విననట్టే దాటేసి, "అన్నా, ఈ నెల కొత్త స్కీము వచ్చింది, డజనుకు ఒకటి ఫ్రీ" అని మొదలుపెడతారు. ఇక యజమాని పాత్రలో ఉన్న మేనేజర్ ఒక్కటి కూడా కొనడు. రెండో రకం మనిషి ఇలా అంటాడు.

"ఏవన్నా ఆ సీసాలు? ఒకసారి చూపించండి. ఎన్నున్నాయి?"

"ఆరున్నాయి."

"రాసుకుంటున్నాను. బ్యాచ్ నంబరు కూడా రాశాను. కంపెనీ ఒప్పుకునే డ్యామేజే అయితే క్లెయిమ్ పెట్టి వచ్చే లైన్‌కి మీకు చెబుతాను. కాకపోతే అది కూడా చెబుతాను. సబ్బు ఎంతుంది అన్నా లోపల?"

"ఉంది ఒక పది."

"వారానికి ఎన్ని పోతాయి?"

"ఇరవై దాకా పోతాయి."

"నేను మళ్లీ వచ్చేది వారానికే. పదితో వారం గడవదు. ఒక డజను వేస్తున్నాను. షాంపూ వద్దు, ఉన్నది పోనివ్వండి. ఆ మూలనున్న ప్యాకెట్ల సరం ఇటు ముందు తగిలించమంటారా?"

ఇందులో ఏం జరిగిందో నెమ్మదిగా చూడండి. ఫిర్యాదును ముందు తీర్చే దారి పెట్టాడు. కానీ తన చేతిలో లేనిది మాటివ్వలేదు. సీసాలు మార్చి ఇస్తానని అనేసి ఉంటే మేనేజర్ అక్కడే పట్టుకునేవాడు: "ఆ అధికారం నీకెవరిచ్చారు?" అని. తర్వాత రెండే రెండు ప్రశ్నలు వేశాడు. ఉన్నదెంత, పోయేదెంత. ఆర్డరు పరిమాణం ఆ రెండు జవాబుల్లోంచే వచ్చింది, తన టార్గెట్‌లోంచి రాలేదు. కదలని సరుకు వద్దని తానే అన్నాడు. డజనుకే ఆగినా ఆ కొట్టు తలుపు తెరిచే ఉంటుంది.

ప్రశ్నలు అడగడమే అమ్మకం అని పుస్తకాల్లో చదివి వచ్చినవాళ్లు ఇక్కడ మరో తప్పు చేస్తారు. నీల్ రాక్‌హామ్ అనే పరిశోధకుడు సుమారు 35 వేల అమ్మకపు సంభాషణలు పరిశీలించి 1988లో ఒక పుస్తకం రాశాడు. పెద్ద అమ్మకాల్లో నేర్పైన ప్రశ్నల విలువను చూపిన పుస్తకమది. ఆయన మాట్లాడింది లక్షల, కోట్ల యంత్రాలూ సేవలూ అమ్మే చోటు గురించి. కౌంటరు ముందు ఇద్దరు పంచదార కోసం నిలబడి ఉన్నప్పుడు కొట్టు యజమానికి ఎనిమిది ప్రశ్నలు వేస్తే అతను తొమ్మిదో మాట వినడు. రెండు ప్రశ్నలు, ఒక సలహా, ఒక ఆర్డరు. కస్టమర్ వస్తే పక్కకు తప్పుకోవాలి. రోల్ ప్లేలో మేనేజర్ కావాలనే "ఉండు, కస్టమర్ వచ్చాడు" అంటాడు. ఆ మాటకు మాట్లాడటం ఆపి అర నిమిషం ఊరుకున్న కుర్రాడికి అక్కడే ఒక మార్కు పడుతుంది.

అప్పు అడిగే ఘట్టం కూడా దాదాపు తప్పకుండా వస్తుంది. "పక్క కంపెనీవాడు రెండు వారాలు అప్పిస్తున్నాడు, నువ్వూ ఇవ్వు." అప్పు ఇచ్చేది డిస్ట్రిబ్యూటర్, మునిగేదీ డిస్ట్రిబ్యూటరే. పాత బిల్లు ఎంత బాకీ ఉందో అడగడం, అది కట్టాక కొత్త బిల్లు సంగతి చూడటం, అవసరమైతే ఆర్డరు తగ్గించడం సరైన దారి. సరుకు పోకపోయినా రోల్ ప్లే నెగ్గవచ్చని అభ్యర్థులు నమ్మరు. కానీ బాకీ వసూలు కాని కొట్టుకు పెద్ద బిల్లు కొట్టినవాడికంటే చిన్న బిల్లు కొట్టి పాత డబ్బు తెచ్చినవాడికే ఎక్కువ మార్కులు వేసే మేనేజర్లున్నారు.

డిస్ట్రిబ్యూటర్ రోల్ ప్లేకు మాటలకంటే లెక్క ముఖ్యం. "నాకు మీ కంపెనీలో ఏం మిగలట్లేదయ్యా, పెట్టుబడి తగ్గించుకుంటా" అని ఆయన అంటాడు. అప్పుడు జవాబు వడ్డీ భాషలో ఉండాలి. నెలకు 12 లక్షల సరుకు, 5 శాతం మార్జిన్, అంటే 60 వేలు. ఆటో, గోడౌన్ అద్దె, మనుషుల జీతాలు కలిపి 36 వేలు పోతే మిగిలేది 24 వేలు. సరుకులో 6 లక్షలు, మార్కెట్ బాకీల్లో 3 లక్షలు, కంపెనీ నుంచి రావాల్సిన క్లెయిముల్లో లక్ష, మొత్తం పెట్టుబడి 10 లక్షలు. నెలకు నూటికి రెండు రూపాయల నలభై పైసలు. మన ఊళ్లలో వ్యాపారికి "నూటికి రెండు" అన్న మాట ఏ పర్సెంటేజీ కంటే త్వరగా అర్థమవుతుంది. ఆ తర్వాత, క్లెయిముల లక్ష త్వరగా తెప్పించి, బాకీలను 2 లక్షలకు దించితే పెట్టుబడి 8 లక్షలవుతుంది, అదే 24 వేలు నూటికి మూడు రూపాయలవుతుందని చూపించవచ్చు. అమ్మకం ఒక్క రూపాయి పెరగలేదు, రాబడి పెరిగింది. ఈ లెక్క కాగితం మీద వేయగల సేల్స్‌మన్ చాలా అరుదు, అందుకే సేల్స్ ఆఫీసర్ కుర్చీ అతని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఇంటర్వ్యూకు ముందు రోజు ఖాళీగా ఉంటే ఇంట్లో కూర్చోకూడదు. ఏ కంపెనీకి వెళ్తున్నారో ఆ కంపెనీ సరుకు కోసం ఓ పదీ పదిహేను కొట్లు తిరగాలి. ఏది పోతోంది, ఏది పోవట్లేదు, సేల్స్‌మన్ ఏ రోజు వస్తాడు, పోటీ కంపెనీ ప్యాకెట్ ఎక్కడ తగిలించి ఉంది అని కొట్టువాళ్లను మర్యాదగా అడిగితే చెబుతారు. ఏమైనా చిన్న వస్తువు కొని అడిగితే ఇంకా బాగా చెబుతారు. మర్నాడు "మా కంపెనీ గురించి మీకేం తెలుసు?" అని అడిగినప్పుడు ఎప్పుడు స్థాపించారో వల్లించేవాళ్ల మధ్య, "నిన్న అరండల్‌పేట, బ్రాడీపేటల్లో పన్నెండు కొట్లు చూశాను, మీ చిన్న ప్యాకెట్ ఏడు కొట్లలోనే ఉంది" అన్నవాడి మాట వేరుగా వినిపిస్తుంది. అయితే అది ఫిర్యాదులా ఉండకూడదు. ఆ బీట్ చూసే అధికారి అదే గదిలో కూర్చుని ఉండవచ్చు.

రుజువులు తీసుకెళ్లడం మంచిదే. ఇన్సెంటివ్ వచ్చిన నెలల జీతం స్లిప్పులు, ఇచ్చిన ప్రశంసాపత్రం, తన అంకెలు రాసుకున్న ఒక్క పేజీ కాగితం చాలు. కానీ పాత కంపెనీ రేట్ల జాబితా, కొట్లవారీ అమ్మకాల షీట్, రాబోయే స్కీముల మెసేజీలు తెచ్చి చూపించేవాళ్లున్నారు. ఇది పెద్ద పొరపాటు. ఇవాళ అక్కడి గుట్టు ఇక్కడ విప్పినవాడు రేపు ఇక్కడిది మరోచోట విప్పుతాడని ఎదుటివాళ్లకు వెంటనే తడుతుంది. శాతాలు, కొట్ల సంఖ్య, తాను చేసిన పని చెప్పాలి. పేర్లూ రేట్లూ వదిలేయాలి.

అనుభవం లేని డిగ్రీ కుర్రాళ్ల సంగతి? వాళ్ల దగ్గరా అంకెలుంటాయి, లెక్కపెట్టుకోరు, అంతే. కాలేజీ ఫెస్టుకు స్పాన్సర్ల కోసం ఎన్ని షాపులు ఎక్కారు, ఎంతమంది కాదన్నారు, ఎంతమంది ఇచ్చారు, మొత్తం ఎంత వచ్చింది? నాన్న మెడికల్ షాపులో కూర్చున్నప్పుడు రోజు గల్లా ఎంత? ముప్పై షాపులెక్కి నాలుగు చోట్ల డబ్బు తెచ్చానని చెప్పేవాడు ఇరవై ఆరుసార్లు కాదనిపించుకున్నాడు. ఈ ఉద్యోగంలో రోజూ జరిగేది అదే కాబట్టి మేనేజర్‌కు ఆ ఇరవై ఆరు మీదే ఆసక్తి ఎక్కువ. ఆ ఇరవై ఆరుమందీ ఏమని కాదన్నారో కూడా గుర్తుంటే మరీ మంచిది.

చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటారు. "ఏం లేదు సార్" అని లేచిరావద్దు. ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది, ముందున్న మనిషి ఎన్నాళ్లు చేశాడు, డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఇప్పుడు ఎన్ని రోజుల స్టాక్ ఉంది, ఆగిపోయిన క్లెయిములు ఎంత ఉన్నాయి అని అడగాలి. ఏడాదిలో ముగ్గురు మారిన ఏరియా అయితే, గోడౌన్‌లో రెండు నెలల సరుకు పేరుకుని ఉంటే, మొదటి నెల నుంచే టార్గెట్ తప్పడం ఖాయం. ఆ నింద కొత్తవాడి మీద పడుతుంది. జీతంలో ఖాయంగా వచ్చేది ఎంత, ఇన్సెంటివ్ ఎంత, ఎన్ని శాతం చేస్తే ఇన్సెంటివ్ మొదలవుతుంది, అది ప్రైమరీ మీదా సెకండరీ మీదా, పెట్రోలు ఖర్చు విడిగా ఇస్తారా అన్నవి కూడా తేల్చుకోవాలి. ఇవన్నీ ఆఫర్ లెటర్‌లోనో కనీసం మెయిల్‌లోనో రాతపూర్వకంగా వచ్చాకే పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వండి.